చక్రం తినే వంతు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పుడు ఆ బడికి జరిగిన నష్టం ఒక్కటే. గోడకుర్చీ వేసేవాడు లేక లెక్కల గదిలో వెనక గోడ బోసిపోయింది. ఆ గోడకూ నాకూ ఉన్న అనుబంధం పుస్తకానికీ నాకూ లేదు. అందుకని, ఒక ఫిజిక్స్ లెక్చరర్ తన ఉద్యోగం నిలబెట్టుకోవడానికి నా సాయం అడిగాడని చెప్తే మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నమ్మరు. మా ఆవిడైతే, ఆయనకి గొంతు పోయిందని తెలుసు గానీ మతి కూడా పోయిందని తెలీదే అంది.

గుంటూరు శివార్లలో నాకు లేతు షెడ్డు ఉంది. చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల షాఫ్టులు, కారం మిల్లుల పుల్లీలు, ట్రాక్టరు బుష్షులు, ఏది అరిగినా నా దగ్గరికే వస్తాయి. ఎండాకాలం షెడ్డు రేకుల కింద నిలబడితే ఇనుము ముందు వేడెక్కుతుందో మనిషి ముందు వేడెక్కుతాడో చెప్పలేం. ఎదురుగా టీ బంకు. ఆ బంకు దగ్గరే ఆయన పరిచయం. ఊళ్ళో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. మా సందులోనే అద్దెకి ఉండేవాడు. పొద్దున్నే వచ్చి ఒక టీ తాగి, పేపరు మీద ఒక జోకు వేసి, నా జోకుకి ఒకటి బదులిచ్చి పోయేవాడు. పాఠం చెప్తే రోడ్డు అవతల బస్సు దిగినవాడికి కూడా వినిపించేదట. పొద్దున్న మొదలుపెడితే చీకటి పడేదాకా గదిలోంచి గదికి పోయి అరవడమే ఆయన పని.

అరిచి అరిచి గొంతు అరిగింది. మొదట సాయంత్రాలు బొంగురుపోయేది. తర్వాత మధ్యాహ్నానికే పోయేది. తర్వాత పొద్దున టీ దగ్గర కూడా గాలి తప్ప మాట వచ్చేది కాదు. డాక్టరు చూసి గొంతులోపల కాయలు కాచాయని చెప్పాడు. "నా అరచేతిలో కాచినట్టేనా మాస్టారూ?" అని నా చెయ్యి చూపించాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి కూడా చప్పుడు లేదు. చప్పుడు లేని నవ్వు చూడటం అదే మొదలు నాకు.

గుసగుసలు కూడా వద్దన్నాడట డాక్టరు. అందుకని ఆయన చిన్నపిల్లలు రాసి చెరిపే ప్లాస్టిక్ పలక ఒకటి సంచిలో పెట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు షెడ్డుకి వచ్చి ఆ పలక మీద రాసి నా ముందు పెట్టాడు. "నాకో చక్రం చేసి పెట్టాలి. సోమవారం లోపల."

"బండికా మాస్టారూ?"

"పాఠానికి."

అప్పుడు అసలు సంగతి విడతలు విడతలుగా రాశాడు. గొంతు లేని లెక్చరర్‌ని క్లాసులో ఎలా ఉంచుతామని కాలేజీ డీన్ అడిగాడు. పొమ్మనలేదు. హాస్టల్లో రాత్రి స్టడీ అవర్లకి కాపలా పని ఇస్తానన్నాడు. ఈయన బతిమాలితే ఒక్క అవకాశం ఇచ్చాడు. సోమవారం ఒక క్లాసు చెప్పి చూపించాలి, డీన్ వెనక కూర్చుని చూస్తాడు. పిల్లలకి అర్థమయ్యేలా నడిచిందా, గొంతు వచ్చేదాకా క్లాసుల్లోనే ఉండొచ్చు. లేదంటే హాస్టలు. ఈయన చోట ఇంకొకాయన్ని పెట్టేస్తారు.

"నేను మాట్లాడలేను," అని రాశాడు. "కాబట్టి వస్తువు మాట్లాడాలి."

ఆ వస్తువు ఏమిటంటే గిలక. నూతి మీద గిలకలాంటిదే గానీ బరువైనది. దాని మీదుగా ఒక తాడు, తాడుకి ఒక వైపు ఏడువందల గ్రాములు, ఇంకోవైపు మూడువందల గ్రాములు. వదిలితే ఏడువందలు కిందకి పోతుంది, మూడువందలు పైకి లేస్తుంది. ఇందులో చూపించడానికి ఏముంది, మా బంకు పిల్లి కూడా చెప్తుంది అన్నాను. ఆయన నా బల్ల మీద సుద్దతో గిలక బొమ్మ వేసి, తాడు రెండు వైపులా రెండు బాణాలు గీసి, పలక మీద ఒక ప్రశ్న రాశాడు.

"పడుతున్నప్పుడు తాడు ఈ పక్క లాగే లాగుడూ, ఆ పక్క లాగే లాగుడూ సమానమా?"

"తాడు ఒకటే కదా మాస్టారూ. ఒకటే తాడు రెండు రకాలుగా లాగుతుందా?"

ఆయన ముఖం వెలిగింది. పరీక్షలో సరైన సమాధానం చెప్పినవాడిని చూసినట్టు చూశాడు. చెప్పింది తప్పు అని తర్వాత తెలిసింది. మా పిల్లలందరూ ఇదే అంటారు అని రాశాడు. మొదటి సంవత్సరం పుస్తకాల్లో గిలకకి బరువు ఉండదట. కాగితం మీద గీత గీసినంత తేలిక అనుకోమంటారట. అలాంటి గిలకకి రెండు పక్కలా లాగుడు సమానమే. అది బట్టీ పట్టినవాళ్ళు, బరువున్న గిలక వచ్చినా అదే రాసేస్తారు.

నేను అంతలో ఒప్పుకునే మనిషిని కాదు. లేతు చక్కుకి బిగించి ఉన్న ఒక ఇనప బిళ్ళ చూపించి ఆయన చేత్తో తిప్పమన్నట్టు సైగ చేశాడు. నేను తిప్పాను. మొదట మొరాయించింది, తర్వాత తిరిగింది. ఆయన రాశాడు: "దీన్ని తిప్పడానికి నువ్వు బలం పెట్టావా లేదా?" పెట్టాను. "అక్కడ నీ చెయ్యి లేదు. ఎవరు తిప్పుతారు?" తాడు. "తాడు రెండు పక్కలా సమానంగా లాగితే అది ఎటు తిరుగుతుంది?"

బల్ల మీది సుద్ద బొమ్మ వైపు మళ్ళీ చూశాను. ఒక పక్క ఇటు తిప్పుతానంటే, ఇంకో పక్క అంతే బలంగా అటు తిప్పుతానంటుంది. నిలబడ్డ చక్రం నిలబడ్డట్టే ఉంటుంది. అది కదిలి వేగం పుంజుకోవాలంటే బరువు పడే పక్క లాగుడు ఎక్కువ ఉండాలి, లేచే పక్క తక్కువ ఉండాలి. ఆ తేడానే చక్రాన్ని తిప్పేది.

"అర్థమైంది మాస్టారూ," అన్నాను. "మిర్చి యార్డులో దళారీ అన్నమాట. ఇటు ఒక ధర, అటు ఒక ధర, మధ్య తేడా ఆయన పొట్టలోకి."

ఆయన నోరు తెరిచి నవ్వి, తల అడ్డంగా ఊపి, రాశాడు. "కొంతవరకే. చక్రం వేగం పెరుగుతున్నంతసేపే తింటుంది. ఒకే వేగంతో నిలకడగా తిరుగుతుంటే ఏమీ తినదు. అప్పుడు రెండు పక్కలూ సమానం."

"పని అయ్యాక తినడం మానేసే దళారీని చూపిస్తే నేను దండం పెడతా."

ఆ వారం ఆయన పోగొట్టుకోబోతున్నది ఏమిటో మర్చిపోయి ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఒకడు చప్పుడుతో, ఒకడు చప్పుడు లేకుండా.

చక్రం కొలతలు ఆయనవి. ఎనిమిది మిల్లీమీటర్ల మందం ప్లేటులోంచి జానెడు వెడల్పు బిళ్ళ కోశాను. సరిగ్గా రెండు కిలోలు తూగేదాకా చెక్కాను. అందంగా ఉంటుందని మధ్యలో నాలుగు చిల్లులు వేస్తానంటే ఒప్పుకోలేదు. నిండు బిళ్ళ అయితే లెక్కలో దాని బరువులో సగమే వేసుకుంటే చాలట. చిల్లులు వేసి ఇనుమంతా అంచుకి చేరిస్తే అది ఇంకా మొండికేస్తుంది, ఇంకా ఎక్కువ తింటుంది, లెక్క మారిపోతుంది. బేరింగులో గ్రీజు కిరసనాయిలుతో కడిగేశాను. బరువైన షాఫ్టుకి గ్రీజు మంచిదే గానీ, ఇంత తేలిక పనిలో అదే పట్టుకుని లాగుతుంది. అంచున తాడు కూర్చునే గాడి మాత్రం టూలు గీసిన గీతలతో గరుకుగా వదిలేయమన్నాడు. "అద్దంలా చేయకు," అని రాసి, కింద గీత గీశాడు. పని బాగా చేయొద్దని నన్ను బతిమాలిన మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్ళకి ఆ అవసరం రాలేదు.

రెండు స్ప్రింగు తాసులు ఆయన తెచ్చాడు. వాటిని తలకిందులుగా కట్టాం. కొక్కెం పైన తాడుకి, తాసు డబ్బా కిందకి, ఆ డబ్బాకి బరువు. తాసు బరువు కూడా కలుపుకుని ఇటు ఏడువందలు, అటు మూడువందలు. చక్రం అంచున ఎర్ర పెయింటుతో ఒక చుక్క పెట్టాను. షెడ్డు దూలానికి బిగించి, నూలు తాడు వేసి, నేను చక్రాన్ని చేత్తో పట్టుకున్నాను. ఆయన ఫోన్లో స్లో మోషన్ పెట్టాడు. కదలకుండా ఉన్నప్పుడు తాసులు ఏడువందలూ, మూడువందలూ అన్నాయి. వదిలాను. వీడియో వెనక్కి తిప్పి ఇద్దరం ఫోను మీదకి వంగాం. ముల్లు కాస్త ఊగి, పడే పక్క ఐదువందల అరవై దగ్గర, లేచే పక్క మూడువందల అరవై దగ్గర కుదురుకుంది. బరువు మీటరు కిందకి పడటానికి ఒక్క సెకను పట్టింది. ఆ సెకనులో ఎర్ర చుక్క ఒకటిన్నర చుట్టు దాటి తిరిగింది.

ఆయన పలక మీద ముందే రాసి పెట్టుకున్న అంకెలు తిప్పి చూపించాడు. ఐదువందల అరవై, మూడువందల అరవై. తేడా రెండువందలు. అదే చక్రం వంతు. ఆ రెండువందల గ్రాముల లాగుడే చక్రాన్ని సెకను సెకనుకీ ఇంతింత అని వేగం పెంచుతూ తిప్పుతుంది. దాన్ని వాళ్ళు కోణీయ త్వరణం అంటారట. పేరు పెద్దదే గానీ, బొమ్మ చూశాక నాకు భయం వేయలేదు. గిలకకి బరువే లేకపోతే రెండు తాసులూ నాలుగువందల ఇరవై చూపించేవి, బరువు ఇంకా త్వరగా పడేది అని కూడా రాశాడు. ఆ మధ్యాహ్నం ఆయన టీ తాగకుండా కూర్చున్నాడు. కప్పు పక్కన పెట్టుకుని, చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పుతూ.

శుక్రవారం చక్రం కాలేజీకి తీసుకుపోయాడు.

సోమవారం చక్రం పట్టుకుని వదిలే మనిషి కావాలని నన్ను రమ్మన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరి తండ్రివని అడిగాడు. చక్రం తండ్రిని అన్నాను. లోపలికి పంపించాడు గానీ, వెనక నుంచి అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

క్లాసులో టేబులు మీద నా చక్రం స్టాండుకి బిగించి ఉంది. నేను గుర్తుపట్టలేదు. పెళ్ళిలో వెండి పళ్ళెంలా మెరిసిపోతోంది. డీన్ శనివారం దాన్ని చూసి ముచ్చటపడ్డాడట. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులకి చూపించడానికి ముందర హాల్లో పెడదామని, నికెల్ కోటింగ్ చేయించి, పాలిష్ పట్టించి తెప్పించాడు. పాత నూలు తాడు బాలేదని తెల్ల నైలాన్ తాడు వేయించాడు, పాలిష్‌లో పోయిన ఎర్ర చుక్క కూడా మళ్ళీ పెట్టించాడు. ఇవన్నీ మంచి మనసుతో చేసినవే. అందుకే ఏమీ అనడానికి లేకుండా పోయింది.

లెక్చరర్ గారు గాడిలో బొటనవేలు పెట్టి రుద్దాడు. వేలు జారిపోయింది. నా వైపు చూశాడు. పాలిష్ పట్టే చోట వాడే మైనం ఇంకా అంటుకునే ఉంది, వేలికి జిడ్డు తగిలింది. ఆయన డీన్ దగ్గరికి పోయి ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. గాలి వచ్చింది. పలక తీసేలోపల గంట కొట్టారు. డీన్ వెనక బెంచీలో కూర్చుని, "కానివ్వండి సార్, మళ్ళీ నాకు ఇంకో బ్రాంచిలో మీటింగ్ ఉంది," అన్నాడు.

అరవైమంది పిల్లలు. అందరికీ కళ్ళ కింద ఒకే రకం నలుపు. ఆయన బోర్డు మీద బొమ్మ వేసి, షెడ్డులో నన్ను అడిగిన ప్రశ్నే రాశాడు. అరవైమందీ కలిసి పాడినట్టు చెప్పారు. "ఈక్వల్ సార్." ఆయన తల ఊపి, లెక్క కట్టి, ఐదువందల అరవై, మూడువందల అరవై అని పెద్ద అంకెలతో రాశాడు. గదిలో చిన్న కలకలం. ఒక కుర్రాడు లేచి, "సార్, ఒకే తాడు కదా," అన్నాడు. నాకు వాడి మీద అభిమానం పుట్టింది. ఆయన చూపుడువేలు ఎత్తి, ఆగు, చక్రాన్నే అడుగుదాం అన్నట్టు సైగ చేశాడు. ఆ క్షణం దాకా గొంతు లేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. డీన్ కూడా ఫోను జేబులో పెట్టి ముందుకు వంగాడు.

నేను చక్రాన్ని పట్టుకున్నాను. ముందు బెంచీలో ఒక అమ్మాయికి ఆయన తన ఫోను ఇచ్చి వీడియో తీయమన్నాడు. ఏడువందలు, మూడువందలు. ఆయన కనుసైగ చేశాడు. వదిలాను.

చేతికి తెలిసిపోయింది. షెడ్డులో చక్రం నా వేళ్ళని ఒరుసుకుంటూ గబుక్కున అందుకుంది. ఇక్కడ బద్ధకంగా కదిలింది, తాడు మాత్రం దాని మీంచి సర్రున జారిపోయింది. బరువు కింద పెట్టిన ఇసుక సంచి మీద దబ్బుమంది. అమ్మాయి వీడియో ఆపి ఆపి చదివింది. "ఈ పక్క ఫైవ్ హండ్రెడ్ సార్. ఆ పక్క త్రీ ఎయిటీ ఫైవ్."

బోర్డు మీద ఐదువందల అరవై, మూడువందల అరవై అలాగే ఉన్నాయి.

ఎవరో నవ్వారు. మళ్ళీ వదిలాం. మళ్ళీ అంతే, రెండు మూడు గ్రాములు అటూ ఇటూ. ఆయన గొంతు సవరించుకుని మాట్లాడబోయాడు. రెండు మాటలు చాలు, తాడు జారుతోంది, అంతే. తాడు గాడిని పట్టుకుని తిప్పితేనే బరువు పడిన దూరమూ చక్రం తిరిగిన దూరమూ కలుస్తాయి. జారితే చక్రానికి అందాల్సిన వంతు అందదు. రెండు లాగుళ్ళూ దగ్గరదగ్గరగా వస్తాయి, బరువు ముందుకంటే త్వరగా పడుతుంది. ఇదంతా ఆయన నాకు తర్వాత రాసి చెప్పాడు. అప్పుడు మాత్రం ఆయన గొంతులోంచి తలుపు సందులో గాలిలాంటి చప్పుడు ఒకటి వచ్చి ఆగిపోయింది. పిల్లలు తలలు దించుకున్నారు. నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ తెలిసింది చేతికే, ఎందుకని అడిగితే నా దగ్గర మాట లేదు. తండ్రిని అనుకుని వచ్చినవాడిని, బిడ్డ తరఫున ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

ఆయన బోర్డు వైపు తిరిగి 'స్లిప్' అని రాశాడు. రాసి వెనక్కి తిరిగేసరికి డీన్ లేచి నిలబడ్డాడు.

"చాలా కష్టపడ్డారండి," అన్నాడు డీన్. కోపంగా అనలేదు. "కానీ ఫార్ములా ఒకటి చెప్తే, మెషీన్ ఇంకొకటి చెప్తే పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారు కదా సార్. ఈ టైములో మనం ఇరవై బిట్లు చేయించేవాళ్ళం. మీరు రెస్టు తీసుకోండి. నేను సాయంత్రం మాట్లాడతాను." చెప్పులు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకి వేసి వెళ్ళిపోయాడు.

క్లాసు అయిపోయిందనుకుని పిల్లలు పుస్తకాలు సర్దుతున్నారు. అప్పుడు వీడియో తీసిన అమ్మాయి ఫోను ఇవ్వకుండా లేచి నిలబడింది.

"సార్, ఎర్ర చుక్క ముప్పావు చుట్టు కూడా తిరగలేదు సార్. వన్ మీటర్ పడితే వన్ అండ్ హాఫ్ దాటాలి కదా. తాడు గ్రిప్ లేదు సార్."

ఆయన బోర్డు మీద తను రాసిన మాట కింద గీత గీశాడు. ల్యాబులోంచి స్పిరిటు, దూది తెప్పించి, గాడిలో మైనం తనే తుడిచాడు. నైలాన్ తాడు విప్పేశాడు. ఇంకేం తాడుందని చుట్టూ చూస్తే, గోడ మీద చార్టు ఒకటి పురికొసతో వేలాడుతోంది. సందేహించిన కుర్రాడే బెంచీ ఎక్కి విప్పాడు. చార్టు కింద పడింది, ఎవరూ తీయలేదు.

వదిలాను. ఈసారి చక్రం అందుకుంది. అమ్మాయి చదవకముందే నాకు తెలుసు.

"ఫైవ్ సిక్స్టీ," అంది. "ఇటు త్రీ సిక్స్టీ... దగ్గర దగ్గర త్రీ సిక్స్టీ సార్."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బెంచీ మీదున్న కుర్రాడు దిగకుండానే, "ఏరా, మరి నిన్న బిట్టులో ఈక్వల్ అని పెట్టాం కదరా," అని పక్కవాడిని అడిగాడు. పక్కవాడు, "అందులో పుల్లీకి మాస్ లేదురా," అన్నాడు. "ఉంటే?" "ఉంటే ఇదిగో." గది నెమ్మదిగా గోలగా మారింది. ఒకడు పెన్నుతో చేతి మీద లెక్క కడుతున్నాడు. చక్రం రింగయితే ఎంత, నాలుగు కిలోలయితే ఎంత అని అరుచుకుంటున్నారు. ఆయన బోర్డుకి ఆనుకుని, చేతులు కట్టుకుని వింటున్నాడు. పిల్లలు గొడవ చేస్తుంటే అంత శాంతంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. వెనక బెంచీ ఖాళీగానే ఉంది. గంట కొట్టారు.

సాయంత్రం డీన్ మాట్లాడాడు. వీడియో చూపిస్తే చూశాడట కూడా. "బాగుందండి. కానీ రోజూ ఒక మిషన్ తేలేం కదా," అన్నాడట. అది అబద్ధమని నేనూ అనలేను. మర్నాడు ఈయన క్లాసుల్లోకి కొత్తాయన వచ్చాడు. మంచి గొంతట. చక్రాన్ని ముందర హాల్లో అద్దాల బీరువాలో పెట్టారు. తాడు లేకుండా.

తర్వాత చాలా రోజులు ఆయన టీ బంకుకి రాలేదు. సందులో ఎదురైతే తల ఊపేవాడు. పేపరు మీద జోకు వేసేవాడు లేక నేను నాకు నేనే వేసుకుని, నేనే నవ్వుకునేవాడిని. బంకువాడు ఒకరోజు, "ఏం అన్నా, బాగానే ఉన్నావా?" అని అడిగాడు. యార్డులో మిర్చి సీజను మొదలై ఊరంతా ఘాటుతో దగ్గుతోంది. ఆయనకి ఆ ఘాటు అసలు పడదని డాక్టరు చెప్పాడట. హాస్టలు యార్డుకి వెళ్ళే దారిలోనే ఉంది.

కారం మిల్లు పుల్లీ ఒకటి అప్పగించి వస్తూ ఒక సాయంత్రం ఆ హాస్టలు ముందు ఆగాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు. లోపల హాల్లో పిల్లలు వరసలుగా తలలు వంచుకుని బిట్లు చేస్తున్నారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన ఒళ్ళో ఒక పేము బెత్తం ఉంది. హాస్టలు వాళ్ళే ఇచ్చారట.

పలక కోసం చూశాను. "అక్కర్లేదు," అన్నాడు. బొంగురుగా, విరిగి విరిగి. గొంతు కాస్త తిరిగొచ్చింది. అడిగితే, క్లాసుల గురించి డీన్‌కి చెప్పానని, చూద్దామన్నాడని, కొత్తాయన బాగానే చెప్తున్నాడని అన్నాడు. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

ఇంతదూరం వచ్చి ఒక్క నవ్వైనా తెప్పించకుండా పోవడం నాకు చేతకాదు. బెత్తం వైపు చూపించాను.

"ఇదే నయం కదా మాస్టారూ. గొంతు అక్కర్లేదు, చక్రం అక్కర్లేదు, లేతువాడు అసలే అక్కర్లేదు. ఈ బెత్తం ఊరికే అలా ఎత్తితే చాలు, హాలంతా సరైన జవాబు చెప్తుంది."

ఆయన బెత్తం ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టాడు. తువ్వాలు కిందకి లాక్కున్నాడు.

"బెత్తం పట్టుకున్నవాడికి అందరూ సరైన జవాబే చెప్తారయ్యా," అన్నాడు. "ఇన్నేళ్ళు నేను బతికింది తప్పు జవాబు చెప్పేవాళ్ళ మీద."